ఏ కాపీ మీంచి మొదలుపెట్టారు?

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు నవ్వితే నేను పాలగిన్నెలోకి చూస్తానని మా ఆయన అందరితో చెప్పుకుంటాడు. అదేమీ అబద్ధం కాదు. కారణం లేకుండా నవ్వేవాడు, అడగకుండా సాయం చేసేవాడు నాకు ఒక పట్టాన మింగుడుపడరు. వంతెనలు తనిఖీ చేసే ఆఫీసులో రిపోర్టులు చదివి దిద్దే ఉద్యోగానికి ఈ గుణం బాగానే పనికొచ్చింది. ఇంట్లో మాత్రం అంతగా పనికిరాలేదు.

ఇల్లూ ఆఫీసూ వేరువేరుగా ఉంటే ఈ కథే ఉండేది కాదు. మా ఆడపడుచు కూడా అదే ఆఫీసులో ఇంజనీరు. ఉన్నమాట మొహాన అనేసి మరుక్షణం మర్చిపోయే మనిషి కాబట్టి మా అత్తగారు దాన్ని టపాకాయ అంటుంది. మా ఆఫీసు నుంచి వెళ్ళే ప్రతి రిపోర్టు కిందా సంతకం దానిదే. ఆ హక్కు ఉన్న ఇంజనీరు మా దగ్గర అదొక్కతే. అది నన్ను వదినా అని పిలవడం విని ఆఫీసంతా వదినా అనడం మొదలుపెట్టింది, మేనేజరు తప్ప. ఆయన నన్ను "ఏమండీ" అంటాడు. పని పడితే మరీ మెత్తగా అంటాడు.

ఆ రోజు ఆయన మరీ మెత్తగా "ఏమండీ, ఒకసారి లోపలికి రండి," అన్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

లోపల టపాకాయ ఉంది, ఇనస్పెక్టరు ఉన్నాడు. వంతెన కింద ప్రతి దూలాన్నీ చిన్న సుత్తితో కొట్టి చెవి పెట్టి వింటాడు కాబట్టి ఆయన పేరు సుత్తి. మాట్లాడటం మొదలుపెడితే ఆపడు కాబట్టి ఆ పేరు ఇంకా గట్టిగా అతుక్కుంది. ఆ రోజు మాత్రం నోరు విప్పకుండా కూర్చున్నాడు.

బల్ల మీద కాలవ వంతెన రిపోర్టు ఉంది. అంతకు ముందు వారమే పంపాం. వంతెన సొంతదారులైన కాలవల శాఖ ఇంజనీరు అది చదివి ఫోన్ చేశాడట. రిపోర్టు వెనక విడి ఫైలుగా జతచేసిన కొలతల్లో, కుడి గట్టు దగ్గర దూలం కింద బేరింగు పక్కకి జారిపోయిందని ఉంది. దూలం బరువు మోసే దిండు లాంటిది బేరింగు. అది జారితే దూలానికి ఆసరా ఉండదు. కానీ అసలు రిపోర్టులో 6.2 దగ్గర, అంటే ఏం చెయ్యాలో చెప్పే చోట, "బేరింగును గమనిస్తూ ఉండాలి" అని మాత్రమే ఉంది.

"ఆయన అడిగిందేంటంటే, జారిపోయిన దాన్ని గమనిస్తూ కూర్చోవాలా అని," అన్నాడు మేనేజరు.

టపాకాయ కుర్చీలోంచి లేచింది. "నేను అలా రాయలేదు సార్. సుత్తిగారు రెండోసారి వెళ్ళి చూసొచ్చాక 6.2 మార్చాను. బేరింగు మార్చేదాకా బండ్లేవీ వెళ్ళకూడదు, మనుషులు మాత్రమే నడవచ్చు అని రాశాను. చదివే సంతకం పెట్టాను."

"మరి ఆ వాక్యం ఏమైపోయిందమ్మా?"

టపాకాయ ముందు చెయ్యాల్సిన పని చేసింది. అక్కడే ఫోన్ తీసి కాలవల శాఖ ఇంజనీరుకి, ఆ సాయంత్రం లోపే వంతెనకి అడ్డు పెట్టించమని చెప్పింది, వెంటనే మెయిల్ కూడా పెట్టింది. అక్కడికి ప్రాణాల భయం తీరింది. మిగిలింది మనుషుల మీద అనుమానం.

ఆ వంతెన అవతల ఇటుక బట్టీలున్నాయి. బట్టీ యజమాని లారీలు ఆ దారినే పోతాయి. బండ్లు ఆపితే అతను చుట్టు తిరిగి రావాలి. అందుకే మా ఆఫీసుకి ఊరికే ఫోన్లు చేసేవాడు, మేనేజరుకి, సుత్తికి, ఎవరు ఎత్తితే వాళ్ళకి. ఇప్పుడు సరిగ్గా అతనికి నచ్చని వాక్యమే మాయమైంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

వాళ్ళిద్దరూ వెళ్ళాక మేనేజరు తలుపు వేశాడు. "పై ఆఫీసు నన్ను పేరు అడుగుతోంది. ఎవరు మార్చారో తేలకపోతే సంతకం పెట్టినవాళ్ళదే బాధ్యత. మీ మరదలి సంతకం హక్కు తీసేస్తారు. అది లేకపోతే ఇక్కడ ఆమెకి పనేముంటుంది చెప్పండి?"

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"రిపోర్టు సరిచేసి మళ్ళీ పంపాలి. ఈసారి ఎవరు ఎప్పుడు ఏం ముట్టుకున్నారో రాసి ఉండాలి. ఛేంజ్ లాగ్ పెట్టండి. పద్ధతి మీరే రాయండి." కాస్త ఆగి, "కళ్ళు కూడా తెరిచి ఉంచండి," అన్నాడు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మనసులో అనుకున్నాను. కానీ మొరిగే పని నాకే అప్పజెప్పాడు కాబట్టి నోరు మూసుకున్నాను.

అప్పటిదాకా మా పద్ధతి ఏమిటో చెబితే నవ్వుతారు. అందరికీ అందే ఒక ఫోల్డరు ఉండేది. అందులో వంతెన ఫైనల్, వంతెన ఫైనల్ కొత్తది, వంతెన అసలు ఫైనల్, వంతెన ఫైనల్ సుత్తి చూసింది అని ఫైళ్ళు. ఏది అసలో ఏది సిసలో పెట్టినవాడికే తెలియదు. పైగా కంప్యూటర్లన్నిటికీ ఒకటే లాగిన్, దాని పేరు 'ఆఫీసు'. ఏ ఫైలు వివరాలు చూసినా చివరిసారి సేవ్ చేసింది 'ఆఫీసు' అనే ఉంటుంది. ఆ మహానుభావుణ్ణి పిలిచి అడగలేం కదా.

నేను ముందు పాత ఫైళ్ళన్నీ వేరే చోటికి జరిపాను. పంపిన రిపోర్టుకి 1.0 అని పేరు పెట్టి, దాన్ని ఎవరూ మార్చకుండా తాళం వేశాను. సరిచేసి మళ్ళీ పంపేది 2.0 అవుతుంది. ఈలోగా జరిగే ప్రతి సవరణకీ 1.1, 1.2 అని వరసగా నంబర్లు. ఫైలు పేరులో 'ఫైనల్' అన్న మాట నిషేధం. ఒకరు పని చేస్తుండగా ఇంకొకరు ముట్టుకోకూడదు. పని అయ్యాక కొత్త నంబరుతో సేవ్ చెయ్యాలి, పాతదాన్ని తుడిచి దాని మీద పెట్టకూడదు. తర్వాత లాగ్‌లో ఒక వరస రాయాలి: ఏ నంబరు, ఎవరు, ఎక్కడ, ముందు ఏముంది, ఇప్పుడు ఏముంది, ఎందుకు, ఎవరు ఒప్పుకున్నారు. చివరగా ఒక నియమం పెద్ద అక్షరాల్లో పెట్టి గోడకి అంటించాను. రాసిన వరసని తీసెయ్యకూడదు. తప్పయితే కింద కొత్త వరస రాయాలి.

నాకు ఆ చివరి నియమం చూస్తే చాలా ముచ్చటేసింది. దొంగ ఒకసారి రాశాక తప్పించుకోలేడు అనుకున్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ కాగితం అంటించగానే ఆఫీసంతా భుజాలు తడుముకుంది. సుత్తి మొదటి వరసలోనే "నేను 6.2 ముట్టుకోలేదు, ఇకపై కూడా ముట్టుకోను" అని రాశాడు.

"సుత్తిగారూ, చేసింది రాయమన్నాను. చెయ్యనిది కాదు," అన్నాను.

"మీరు పోలీసు పని మొదలుపెట్టారు వదినగారూ. చెయ్యనిదే ముందు రాసుకోవాలి." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడంటే ఏదో ఉందని అర్థం. "నా మీద చూపు పెట్టి లాభం లేదు. ఇటుకల ఆయన కారులోంచి మీ మరదలు దిగడం నేను కళ్ళారా చూశాను. కాలవ గట్టు మీద, రిపోర్టు పంపే ముందే. నేను ఎవరితోనూ అనలేదు. మీతోనే అంటున్నా."

ఎవరితోనూ అనలేదు అంటే ఆఫీసంతటికీ తెలుసని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. టపాకాయ ఇంటికొచ్చి ప్రతి చిన్న విషయమూ చెబుతుంది, బస్సులో ఎవరి కాలు తొక్కిందో కూడా. ఈ కారు సంగతి మాత్రం చెప్పలేదు.

పని మొదలైంది. 1.1 నేనే చేశాను. మూడో భాగంలో ఉన్న పట్టికలో జారిన బేరింగు ఎడమ గట్టున ఉన్నట్టు పడింది, అది కుడి గట్టు. దిద్దుతూ, ఇది నేను ఇంతకుముందే ఒకసారి దిద్దాను కదా అనిపించింది. దిద్దాననుకుని వదిలేశానేమోలే అనుకున్నాను. అందరినీ అనుమానించే దాన్ని, నన్ను నేను ఎందుకు అనుమానించుకోకూడదు? లాగ్‌లో వరస రాశాను.

మర్నాడు టపాకాయ 1.2 చేసింది. లాగ్‌లో చక్కగా రాసింది: 6.2, ముందు 'గమనిస్తూ ఉండాలి', ఇప్పుడు 'బేరింగు మార్చేవరకు బండ్లు నిషేధం', కారణం రెండో తనిఖీ కొలతలు, ఒప్పుకున్నది సుత్తి. సుత్తి కూడా దాని కంప్యూటరు తెర మీద చదివి ఒప్పుకున్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం చివరిసారి చదవడానికి 1.2 తెరిచాను. అలవాటుగా ముందు 6.2కే వెళ్ళాను.

"బేరింగును గమనిస్తూ ఉండాలి."

ఫైలు మూసి మళ్ళీ తెరిచాను. అదే. నంబరు 1.2, వరస టపాకాయది, మార్చానని రాసింది టపాకాయ, లోపల మాత్రం పాత వాక్యం. మార్చకుండా మార్చానని రాయడం కంటే పెద్ద దొంగతనం ఏముంటుంది? సుత్తికి తెర మీద మార్చి చూపించి, సేవ్ చెయ్యకుండా మూసేసిందని క్షణంలో కథ అల్లేశాను. ఆ కారు కూడా కథలో వచ్చి కూర్చుంది.

దాన్ని భోజనాల గదిలో పట్టుకున్నాను. టిఫిన్ బాక్సు మూత తీస్తోంది.

"ఇటుకల ఆయన కారు ఎందుకెక్కావే?"

అది తల ఎత్తింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం? ఎక్కావా లేదా?"

"ఎక్కాను. వంతెన మీద లారీలు ఆపమని మొహం మీద చెప్పడానికి బట్టీకి వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు వాన. గట్టు దాకా దింపాడు."

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఇలాగే చూస్తావని."

నేను ఫైలు సంగతి చెప్పాను. పేలుతుందనుకున్నాను. ఎదురు చూశాను కూడా. ఎంత అరిస్తే అంత నిజం చెబుతున్నట్టు లెక్క, దాని సంగతి నాకు తెలుసు. కానీ అది బాక్సు మూత మళ్ళీ పెట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"నేను మార్చాను వదినా. సేవ్ చేశాను."

"ఫైల్లో లేదు."

"అయితే నాకు తెలీదు."

"తెలీదంటే ఎలా? నీ నంబరే, నీ వరసే. మేనేజరుకి ఏం చెప్పను?"

"నీ కళ్ళకి ఎలా కనపడితే అలా రాయి," అని వెళ్ళిపోయింది. పేలని టపాకాయని చూస్తే భయం వెయ్యాలి. నాకు అనుమానం ఇంకా గట్టిపడింది.

మేనేజరు నా వెనకే నిలబడ్డాడు, నేను టైపు చేశాను. "1.2: 6.2 మార్చినట్టు నమోదు చేశారు, ఫైలులో మార్పు లేదు. ఇంజనీరు తప్పుడు నమోదు." రాసింది నేను. ఒప్పుకున్నది మేనేజరు. ఆయన మెత్తగా "బాధగానే ఉంటుందండీ," అన్నాడు, పై ఆఫీసుకి మర్నాడు చెబుతానన్నాడు. ఆయన కళ్ళల్లో బాధేమీ కనపడలేదు, ఒక పేరు దొరికిన నెమ్మది కనపడింది.

ఆ సాయంత్రం టపాకాయ నా కోసం ఆగకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. ఇంట్లో మా అత్తగారు, "ఏమిటే, ఇవాళ దీని నోటికి తాళం పడింది?" అంది. నేను గిన్నెలు తోమే వంక పెట్టుకుని వంటింట్లోనే ఉండిపోయాను.

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి, ఎలాగూ రిపోర్టు పంపాలి కదా అని, 1.2లో 6.2 నేనే సరిచేద్దామని కూర్చున్నాను. పైనుంచి కిందకి దిగుతుంటే మూడో భాగంలో పట్టిక వచ్చింది. జారిన బేరింగు ఎడమ గట్టున ఉంది.

ఎడమ ఏమిటి? కుడి అని నేనే దిద్దాను. 1.1లో, నా చేత్తో. లాగ్‌లో నా వరస ఉంది. 1.1 తెరిచి చూశాను. అక్కడ కుడి అనే ఉంది. మరి దాని తర్వాతిదైన 1.2లో ఎడమ ఎలా అయింది?

కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాను. బట్టీ యజమాని దగ్గర డబ్బు తిన్నవాళ్ళు 6.2 మారుస్తారు, సరే. నా ఎడమ కుడి మార్చి ఎవరికి ఏం లాభం? దొంగ నగలు పట్టుకుపోతాడు గానీ వంటింట్లో ఉప్పు డబ్బా జరిపి పోడు. పైగా 1.0లో కూడా ఇదే ఎడమ. అప్పుడు కూడా నేను దిద్దినట్టే గుర్తు. అంటే ఒకసారి కాదు, రెండుసార్లు, దాని సవరణతో పాటు నాదీ పోయింది.

రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి తేడాలు చూపించే సదుపాయం ప్రతి కంప్యూటర్లోనూ ఉంటుంది. నేను దాన్ని ఇంతవరకూ 6.2 చూడటానికి కూడా వాడలేదు, కళ్ళతో చూస్తే చాలనుకున్నాను. ఇప్పుడు 1.2ని 1.1తో పోల్చాను. నా సవరణలన్నీ పోయినట్టు చూపించింది. తర్వాత 1.2ని, తాళం వేసిన 1.0తో పోల్చాను. అక్షరం తేడా లేదు. ఒక్క వాక్యం, ఒక్క కామా కూడా మారలేదు. మారినవి ఫొటోలు మాత్రమే.

మా ఆఫీసులో ఫొటోలు పెట్టేది ఒక్క మనిషే. పిల్లా పెద్దా అందరికీ ఆయన బాబాయ్.

బాబాయ్ గది మెట్ల పక్కన ఉంటుంది. కెమెరా బ్యాటరీలు చార్జింగుకి పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఒక పగులు ఫొటోని పెద్దది చేసి చూసుకుంటున్నాడు.

"బాబాయ్, నిన్న వంతెన ఫైలు ముట్టుకున్నారా?"

"నేనా? నేను అక్షరం ముట్టుకోను అమ్మాయ్. ఫొటోలే మార్చాను. సుత్తి కొత్తవి తెచ్చాడుగా, పాతవి తీసి అవి పెట్టాను."

"ఎక్కడ పెట్టారు?"

"నా దాంట్లో." తన ల్యాప్‌టాప్ తట్టాడు. "ఆఫీసు ఫోల్డర్లో ఫొటోలు పెడితే నెట్‌వర్కు నిద్రపోతుంది. నేను మొదట్లోనే ఒక కాపీ తెచ్చుకుంటా, నింపాదిగా పేజీలకి సరిపోయేలా పేర్చుకుంటా. అన్నీ కుదిరాక తీసుకెళ్ళి అక్కడ పెట్టేస్తా."

"అక్కడ 1.2 అని ఫైలు ఉంది కదా?"

"ఉంది. నాది కూడా 1.2 అని పేరు మార్చి దాని మీదే పెట్టాను. నువ్వే కదా, పేరులో ఫైనల్ అని రాయొద్దన్నావు? నంబరు మార్చలేదు, మాటలు మార్చినవాళ్ళకే కదా కొత్త నంబరు? లాగ్ కూడా అందుకే రాయలేదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫొటోలు ఎప్పుడూ చివర్న పెడతాం. అందరూ చదివి, దిద్ది, టపాకాయ సంతకం కాగితం మీద సంతకం పెట్టాక, ఆఖరి పనిగా. ఫొటోలే కదా అని ఆ తర్వాత ఎవరూ మళ్ళీ చదవరు. ఆయన కాపీ తెచ్చుకున్న నాటికి 6.2లో 'గమనిస్తూ ఉండాలి' అని ఉంది. మేం పైన ఎన్ని సవరణలు చేసినా, ఆయన ఫొటోలతో వచ్చిన ప్రతిసారీ రిపోర్టు ఆ రోజుకి తిరిగి వెళ్ళిపోతోంది. లంచం లేదు, దొంగ లేడు. ఇటుకల ఆయనకి అదృష్టం కలిసొచ్చింది, అంతే.

"బాబాయ్, మీరు తెచ్చుకున్న కాపీ ఎప్పటిది?"

అప్పుడు ఆయనకి అర్థమైంది. కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని నా వంక చూశాడు. "ఓరి నాయనో. ఆ పిల్ల మీద పడిందా ఇది?"

"పడింది."

"పద, నేను చెబుతా. నేనే చెప్పాలి," అని లేచాడు. ఆయనలో ఆవగింజంత దాపరికం కూడా లేదు. అంత తెల్లటి మనిషిని చూసి నాకు మొదటిసారి సిగ్గేసింది. ఆయన్ని నేను ఇన్నాళ్ళూ అనుమానించలేదు కూడా, ఎందుకంటే ఆయన నాకు లెక్కలోనే లేడు.

మేనేజరు ఇంకా పై ఆఫీసుకి ఫోన్ చెయ్యలేదు. టీ తాగాక చేద్దామనుకున్నాడట. ఆ టీకి నేను జన్మంతా రుణపడి ఉంటాను. పోల్చి చూసిన ఫైళ్ళు చూపించాను, బాబాయ్ జరిగింది చెప్పాడు. టపాకాయనీ సుత్తినీ పిలిచారు. అది గుమ్మం దగ్గరే నిలబడి వింది. నా వైపు చూడలేదు.

పద్ధతి అక్కడే మార్చాం. లాగ్‌లో ఇంకొక గడి పెట్టాను, అన్నిటికంటే ముందు: ఏ వెర్షన్ మీంచి మొదలుపెట్టారు? ఎవరు మార్చారని అడిగితే అందరూ భుజాలు తడుముకుంటారు. ఏ కాపీ మీంచి మొదలుపెట్టారని అడిగితే దొంగలా కనపడనివాడు కూడా జవాబు చెప్పాలి. ఫొటో మార్చినా, పేజీ నంబరు మార్చినా, అది కొత్త వెర్షనే, కొత్త నంబరే. ఫొటోలు చదవడానికి ముందే పెట్టాలి. సంతకం అన్నిటికంటే ఆఖరున, పూర్తి రిపోర్టు చేతిలో ఉన్నప్పుడు. పంపే ముందు కిందటి వెర్షన్‌తో పోల్చి, లాగ్‌లో లేని తేడా ఒక్కటి ఉన్నా ఆపాలి. ఒక్కొక్కరికీ వేరే లాగిన్. 'ఆఫీసు' అనే మహానుభావుడికి ఆ రోజుతో సెలవు.

సుత్తి ఆ కొత్త గడి చూసి, "ఇదేదో మొదటే పెట్టి ఉంటే నేను కారు సంగతి చెప్పేవాణ్ణే కాదు," అన్నాడు.

"చెప్పేవారు లెండి," అన్నాను.

1.1 మీంచి 1.3 మొదలైంది. టపాకాయ 6.2 మళ్ళీ టైపు చేసింది, నా పక్క కుర్చీలోనే, పక్కింటివాళ్ళింటికి వచ్చిన చుట్టంలా. బాబాయ్ 1.3 తీసుకుని, అందులో ఫొటోలు పెట్టి, 1.4 అని సేవ్ చేసి, జీవితంలో మొదటిసారి లాగ్‌లో వరస రాశాడు: "1.3 మీంచి. ఫొటోలు మాత్రమే. ఒట్టు." ఒట్టు అక్కర్లేదు బాబాయ్ అన్నాను, ఉండనీ అన్నాడు.

1.4 చదివాం, 1.3తో పోల్చాం. ఫొటోలు తప్ప తేడా లేదు. ఇక లాగ్‌ని రిపోర్టు ముందు జతచేసి 2.0 పంపడమే. అప్పుడు మా అందరి కళ్ళూ ఒకేసారి ఆ వరస మీద పడ్డాయి. ఇంజనీరు తప్పుడు నమోదు. రాసింది నేను.

"ఇది తీసెయ్యండి," అన్నాడు మేనేజరు. "కాలవల శాఖ వాళ్ళు చదివితే ఏం బాగుంటుంది? మన ఇంటి గొడవ."

నా చెయ్యి అప్పటికే మౌస్ మీదకి వెళ్ళింది. ఆయన చెప్పకపోయినా తీసేసేదాన్ని. దాన్ని చూస్తుంటే నా మొహం మండిపోతోంది.

"తీసెయ్యకు."

రెండు రోజుల్లో అది నాతో అన్న మొదటి మాట అది. గోడ మీద కాగితం చూపించింది. నా అక్షరాలే, పెద్దవి. రాసిన వరసని తీసెయ్యకూడదు.

"అది నీ మీద పడ్డ మచ్చే," అన్నాను.

"నా మీద కాదు. తీసేస్తే నా మీద మిగిలిపోతుంది. రేపు ఎవరైనా, ఏదో జరిగిందట, తర్వాత చెరిపేశారట అంటారు. ఉండనీ. కింద రాయి."

కింద కొత్త వరస తెరిచాను. పై వరస తప్పు. ఫైలు మీద పాత కాపీ పడటం వల్ల సవరణ పోయింది, ఇంజనీరు నమోదు సరైనదే. 'ఎందుకు' అన్న గడి దగ్గర ఆగిపోయాను. పై తప్పు ఎందుకు జరిగింది? మేనేజరు వెనక నుంచి "సాంకేతిక కారణాలు అని వేసెయ్యండి," అన్నాడు. నేను వెయ్యలేదు. "ఫైళ్ళు పోల్చి చూడకుండా అనుమానంతో రాశాను," అని టైపు చేశాను. రాసింది, నేను. ఒప్పుకున్నవారు అన్న గడి మిగిలింది. అది మేనేజరుది కాదు. కుర్చీ దాని వైపు తిప్పాను.

అది చదివింది. మెల్లగా రెండోసారి కూడా చదివింది. "రిపోర్టు వరకు ఇది సరిపోతుంది," అంది. "నన్ను అన్నది అందరి ముందూ. భోజనాల గది తలుపు తీసే ఉంది, అందరూ విన్నారు. ఆ వరస ఎవరు దిద్దుతారు?"

నేను లేచి నిలబడ్డాను. సుత్తి ఉన్నాడు, బాబాయ్ ఉన్నాడు, మేనేజరు ఉన్నాడు, గుమ్మం దగ్గర ఇంకో ఇద్దరు తొంగి చూస్తున్నారు. నా జీవితంలో పాలవాడికి కూడా క్షమాపణ చెప్పలేదు.

"తప్పు నాదే. దీన్ని రోజూ కళ్ళముందు చూస్తూ ఇంతకాలం ఒకే ఇంట్లో ఉండి కూడా, దీని మాట కంటే ఒక ఫైలు నంబరు నమ్మాను. ఇది అబద్ధం ఆడదని నాకు తెలుసు. తెలిసే రాశాను. క్షమించవే."

అప్పుడు పేలింది.

"తెలిసే రాశావా? తెలిసీ రాస్తావా? నేను ఇంట్లో తిండి తినకుండా పడుకుంటే గిన్నెలు తోముతున్నావా నువ్వు? ఎన్ని గిన్నెలు తోమావే, ఇంటి గిన్నెలా, వీధి గిన్నెలా? కారెక్కానట! వానలో తడిసి జ్వరం తెచ్చుకుంటే కషాయం నువ్వు కాచి పోస్తావా? పాలవాణ్ణి అనుమానించు, చాకలిని అనుమానించు, నన్నా? నన్నా వదినా?"

వదినా అంది. తిడుతూనే ఉంది, సుత్తి వైపు తిరిగి ఆయన్నీ నాలుగు దులిపింది, మేనేజరుని చూసి ఒక్క క్షణం తగ్గి మళ్ళీ అందుకుంది. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాను.

చివరికి ఊపిరి తీసుకుని, నన్ను కుర్చీలోంచి పక్కకి నెట్టి కూర్చుంది. ఒప్పుకున్నవారు అన్న గడిలో తన పేరు టైపు చేసింది. తర్వాత పూర్తి రిపోర్టు ప్రింటు తీయించి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కూర్చుని చదివి, అప్పుడు సంతకం పెట్టింది.